ఐదో తారీకుకు పొగాకు వేలం తెలియదు

ఈ పూట ఒక ఫోను సంగతి చెప్తాను. ఫోను ఖరీదు 18 వేలు. దాని పుణ్యమా అని ఆగిపోయింది రెండు పాడి గేదెల అప్పు. ఆపింది మాత్రం 450 రూపాయలు.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో ఎక్కువ ఏళ్లు ఆత్మకూరు, ఉదయగిరి వైపే గడిచాయి. రిటైరైనా తెలిసినవాళ్లు కాగితాలు పట్టుకుని ఇంటికొస్తూనే ఉంటారు. ఒక ఫిబ్రవరిలో అలాగే ఒక కుర్రాడు వచ్చాడు. వాళ్లది మర్రిపాడు మండలంలో ఒక పల్లె. నాన్న పొగాకు వేస్తాడు. ఊరి పేరు, మనిషి పేరు చెప్పను. లెక్కలు కూడా అర్థం కావడానికి కాస్త గుండ్రం చేసి చెప్తాను.

"సార్, గేదెలకు అప్పడిగితే సిబిల్ బాగలేదంటుండారు. నేనెప్పుడూ ఏ బ్యాంకులోనూ అప్పే తీసుకోలేదే!" అన్నాడు.

వాడి లెక్కలో అది నిజమే. చేతిలో ఉన్న ఫోను చూపించి, "ఇదెట్టా కొన్నావు?" అని అడిగాను.

"ఇదా? ఇది కంతుల మీద సార్. వడ్డీ లేదు. ఎప్పుడో కట్టేశా."

కంతుల మీద కొన్నదాన్ని అప్పు అనుకోకపోవడం వాడొక్కడి సంగతి కాదు. సెల్లు, టీవీ, ఫ్రిజ్జు, ఈ మధ్య ఇయర్‌ఫోన్లు కూడా అలాగే ఇంటికొస్తున్నాయి. కొట్లో కూర్చున్న కుర్రాడు ఆధార్ నంబరు, పాన్ నంబరు అడుగుతాడు. ఓటీపీ చెప్పమంటాడు. ఒక సెల్ఫీ తీస్తాడు. మళ్లీ ఓటీపీ అంటాడు. పావుగంటలో పెట్టె మన చేతిలో ఉంటుంది. ఆ పావుగంటలో జరిగినవి రెండు పనులు. ఒకటి, మనకు ముఖం కూడా తెలియని ఒక ఫైనాన్స్ సంస్థ మన పేరు మీద అప్పు మంజూరు చేసి, ఆ డబ్బు కొట్టుకు పంపేసింది. రెండు, ప్రతినెలా ఫలానా తేదీన మన బ్యాంకు ఖాతాలో నుంచి డబ్బు లాక్కోవడానికి మనం అనుమతి ఇచ్చేశాం. ఆటో డెబిట్ అంటామే, అది. రెండో ఓటీపీ చాలాసార్లు దానికే.

అంటే ఆ పూటతో కొట్టుకీ మనకీ బేరం తీరిపోయింది. ఆ తర్వాత ఫోను చెడిపోతే సర్వీస్ సెంటరు, కంతు తప్పితే ఫైనాన్స్ సంస్థ. కొట్టాయన దగ్గరికి పోయి "ఈ నెల సర్దుకో అన్నా" అంటే ఆయన చేయగలిగింది ఏమీ లేదు.

"వడ్డీ లేదు" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. మన కుర్రాడి లెక్కే తీసుకుందాం. ఫోను 18 వేలు. ముందు 3 వేలు కట్టాడు. మిగిలిన 15 వేలు పది కంతులు, నెలకు 1,500. పదిహేను వందలు పదిసార్లంటే పదిహేను వేలే, వడ్డీ ఒక్క రూపాయి లేదు. కానీ మొదటి రోజే ప్రాసెసింగ్ ఫీజు 500, దాని మీద 18 శాతం జీఎస్టీ 90, మొత్తం 590 తీసుకున్నారు. ఇంకొకటి వాడు గమనించలేదు. అదే ఫోను డబ్బిచ్చి కొంటే కొట్టాయన 900 తగ్గించి 17,100కి ఇస్తానన్నాడు. కంతుల మీద అయితే ఆ తగ్గింపు లేదు.

ఇప్పుడు కూడండి. రొక్కానికి 17,100కి వచ్చే ఫోనుకు వాడు ఆ రోజు చేతినుంచి పెట్టింది 3,590. అంటే నిజంగా అప్పుగా అందింది 13,510 మాత్రమే. తిరిగి కట్టేది 15 వేలు, పది నెలల్లో. దీన్ని మన ఊరి భాషలోకి మారిస్తే నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ఒక పిసరు తక్కువ. వాళ్ల నాన్న పొగాకు బ్యారన్ కోసం ఎప్పుడైనా చేబదులు తెచ్చుకుంటే ఇచ్చే వడ్డీ కూడా ఇంచుమించు అంతే. ఆయన దాన్ని రెండు రూపాయల వడ్డీ అంటాడు, కొడుకు దీన్ని సున్నా వడ్డీ అంటాడు. రిజర్వు బ్యాంకు ఈ ముక్క 2013 సెప్టెంబరులోనే చెప్పింది: సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదు, వడ్డీని ఫీజు రూపంలో దాచిపెడుతున్నారు, బ్యాంకులు అలాంటి పథకాలు పెట్టొద్దు అని. పేరు మారింది, కొట్ల ముందు బోర్డులు మాత్రం దిగలేదు.

సరే, వడ్డీ ఎంతైనా తెలిసి కట్టేవాడికి నేను అడ్డుపడను. నేను చెప్పదలచుకున్నది జనవరి నెల సంగతి.

మన కుర్రాడు దసరాకు ఫోను కొన్నాడు. మొదటి కంతు నవంబరు 5. ఆ నెలా, డిసెంబరులోనూ డబ్బు బాగానే పోయింది. ఇప్పుడు పొగాకు రైతు ఇల్లు గుర్తు చేసుకోండి. మనవైపు నాట్లు అక్టోబరు, నవంబరు. జనవరి వచ్చేసరికి ఆకు రెలపు, కూలీలు, బ్యారన్‌కు కట్టెలు. ఇంట్లో ఉన్న ప్రతి రూపాయీ బయటికి పోయే నెల అది. డబ్బు లోపలికొచ్చేది డి.సి.పల్లిలోనో కలిగిరిలోనో వేలం మొదలయ్యాక, మామూలుగా మార్చి నుంచి. అదీ బేళ్లు అమ్ముడైన కొద్దీ కొంచెం కొంచెంగా.

పూర్వం ఆత్మకూరు బజారులో ఎరువుల కొట్టాయన, గుడ్డల కొట్టాయన ఇవన్నీ ఎరిగినవాళ్లు. ఖాతా పుస్తకంలో రాసుకుని, "పొగాకు అమ్మినాక ఇద్దువులే" అనేవాళ్లు. వడ్డీ వేసేవాళ్లు, అది వేరే. కానీ జనవరిలో అడిగేవాళ్లు కాదు. ఉదయగిరిలో కొయ్య చెంచాలు చేసే ఆడవాళ్లకూ అంతే, సరుకు కట్టి పంపినాక ఎప్పటికో డబ్బొస్తుంది. ఇక్కడి ఆదాయం ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చేది. నెలజీతగాళ్ల కోసం కుట్టిన చొక్కా ఈ నెల కంతు. దాన్ని మనం తొడుక్కుంటున్నాం.

జనవరి 5 పొద్దున కుర్రాడి ఖాతాలో 1,120 రూపాయలు ఉన్నాయి. కంతు 1,500. ఆటో డెబిట్ తిరిగిపోయింది. ఉన్నంత పట్టుకుని మిగతాది రేపు తీసుకుందాం అనే పద్ధతి అందులో లేదు. మొత్తం ఉంటే పోతుంది, లేకుంటే చెక్కు బౌన్సయినట్టే. బ్యాంకు తన ఛార్జీ 250, జీఎస్టీ 45, మొత్తం 295 కోసుకుంది. ఫైనాన్స్ సంస్థ తన వైపు నుంచి బౌన్స్ ఛార్జీ 450 రాసుకుంది. ఈ మొత్తాలు సంస్థ సంస్థకూ మారతాయి, కానీ రెండు వైపులా కోత పడటం మాత్రం మామూలే. 380 రూపాయలు తక్కువైనందుకు 745 రూపాయల దెబ్బ.

ఫోన్లు మొదలయ్యాయి. ఉదయం 8కి ముందు, రాత్రి 7 దాటాక వసూలు కోసం ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పింది గానీ, ఆ మధ్యలో పదకొండు గంటలుంది కదా. కుర్రాడు ఎవరినో అడిగి 1,500 తెచ్చి ఫిబ్రవరి 3న వాళ్లు పంపిన లింకులో కట్టేశాడు. ఫిబ్రవరి 5 కంతు కూడా పోయింది. మార్చి నుంచి పొగాకు డబ్బు. ఆగస్టు 5న పదో కంతు పోయింది. అయిపోయిందనుకున్నాడు. నిజానికి కంతులన్నీ కట్టాడు. 450 కట్టలేదు. కట్టాలని కూడా తెలియదు.

ఆ మధ్యలోనే జూన్‌లో బెంగుళూరుకు పనికి పోయాడు. అక్కడ కొత్త సిమ్ తీసుకున్నాడు. పాత సిమ్ రీఛార్జి చెయ్యక పోయింది. గుర్తుపెట్టుకోండి, ఈ సిమ్ సంగతి మళ్లీ వస్తుంది.

వాడి రిపోర్టు తెరిచాం. సిబిల్ అని మనమంతా అలవాటుగా అంటాం గానీ, ఇలాంటి సంస్థలు దేశంలో నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. సిబిల్ 2000లో పుట్టింది, వీటికి చట్టం 2005లో వచ్చింది. అప్పు ఇచ్చిన ప్రతి బ్యాంకూ, ప్రతి ఫైనాన్స్ సంస్థా మన ఖాతా ఎలా నడుస్తోందో వీటికి చెప్పాలి. చిన్నప్పుని లెక్కలోకి తీసుకోరు అనుకోవద్దు. యాప్‌ల ద్వారా ఇచ్చే అప్పు ఎంత చిన్నదైనా, ఎన్ని రోజులదైనా తెలపాల్సిందేనని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు నిబంధనల్లోనే పెట్టింది. ఇప్పుడు తీసుకో, పదిహేను రోజులకు ఇవ్వు అని ఆన్‌లైన్‌లో సరుకులకిచ్చే అయిదారు వందల వాడకం కూడా, వెనక ఫైనాన్స్ సంస్థ ఉంటే, అప్పే.

రిపోర్టులో జనమంతా ముందు చూసేది స్కోరు. 300 నుంచి 900 వరకు ఉండే ఒక అంకె. నేను చూడమనేది దాని కింద ఉండే గళ్లు. ఒక్కో అప్పుకు ఒక్కో వరుస, నెలకొక గడి, 36 నెలల వరకు. గడిలో మూడంకెలు. ఆ నెల లెక్క చూసిన రోజుకు కంతు ఎన్ని రోజులు ఆలస్యమైందో ఆ మూడంకెలు చెప్తాయి. 000 అంటే బాకీ లేదు. అప్పుల భాషలో ఈ వరుసనే డీపీడీ అంటారు, గడువు దాటిన రోజులు అని అర్థం.

మన కుర్రాడి వరుస ఇలా ఉంది. నవంబరు 000, డిసెంబరు 000. జనవరి 026. జనవరి 5న కట్టాల్సింది 31 నాటికి 26 రోజులు దాటింది, అందుకని. ఫిబ్రవరి నుంచి జూలై దాకా మళ్లీ 000. ఇంతవరకైతే ఒక్క మచ్చ. పర్వాలేదు.

ఆగస్టు గడిలో మళ్లీ 026 ఉంది. సెప్టెంబరులో 056. అక్టోబరులో 087. నవంబరులో 117. అలా పెరుగుతూ జనవరి చివరికి 179.

"ఏంది సార్ ఇది? అంతా కట్టేశా కదా!"

కంతులు నడిచినన్నాళ్లూ ఆ 450 ఒక మూల పడి ఉంది. చివరి కంతు పోయాక ఖాతాలో మిగిలింది అదొక్కటే. ఆ సంస్థ లెక్కలో అది ఆగస్టు 5న కట్టాల్సిన బాకీ అయి కూర్చుంది. ఖాతా మూతపడలేదు. రోజులు లెక్కకెక్కాయి. 30 రోజుల దాకా ఒక మెట్టు, 60 దాకా ఒక మెట్టు, 90 దాకా ఇంకొకటి. 90 దాటితే అది మొండిబాకీ, బ్యాంకు మాటల్లో ఎన్‌పీఏ. కాబట్టి నవంబరులో ఆ కుర్రాడు, 15 వేల అప్పులో అసలు మొత్తం కట్టేసిన మనిషి, మొండిబాకీదారుడయ్యాడు. గేదెల అప్పు కాగితం చూసే మేనేజరుకు కనిపించేది ఆ 117, ఆ 179. పక్క గడిలో బాకీ 450 అని కూడా ఉంటుంది, నిజమే. కొందరు మేనేజర్లు అది చూసి, విషయం అర్థం చేసుకుంటారు. కానీ ఇప్పుడు మేనేజరు కంటే ముందు కంప్యూటరు చూస్తోంది. అది మొత్తాన్ని చూసి జాలిపడదు, రోజుల్ని చూసి పక్కన పెడుతుంది.

ఇక్కడ ఇంకో కిటుకుంది. పాతిక ఏళ్లుగా హౌసింగ్ లోను, కారు లోను, క్రెడిట్ కార్డు వాడుతున్న నెల్లూరు ఉద్యోగికి ఒక నెల 026 పడితే, వందల గళ్లలో అదొకటి. మన కుర్రాడి జీవితంలో ఉన్నది ఒకే ఒక్క అప్పు, ఒకే ఒక్క వరుస. వాడి గురించి ప్రపంచానికి తెలిసిందంతా ఆ పది, పదిహేను గళ్లే. అప్పు చరిత్ర అసలు లేనివాడికి స్కోరు బదులు ‑1 అని వస్తుంది, దాంతో వాడికి అప్పు పుట్టడం కష్టమే గానీ అసాధ్యం కాదు. చరిత్ర ఉండి అది ఇలా ఉండటం దానికంటే చెడ్డది. స్కోరు ఇంత ఉంటేనే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు గీతేమీ గీయలేదు, ఏ బ్యాంకు గీత ఆ బ్యాంకుది.

మరి చెప్పరా, చెప్పకుండా ఇలా రాసేస్తారా అని మీకు అనిపిస్తుంది. చెప్పాలి. ఆలస్యమైన ఖాతా వివరాలు పంపేటప్పుడు ఆ మనిషికి ఎస్ఎంఎస్సో ఈమెయిలో పంపాలని 2023 అక్టోబరు ఉత్తర్వుల్లో ఉంది. ఆ సంస్థ పంపిందనే చెప్పింది. ఎక్కడికి? రీఛార్జి లేక పోయిన ఆ పాత సిమ్‌కు.

ఛార్జీల సంగతి కూడా ముందే కాగితం మీద ఉండాలి. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే ప్రతి కొత్త వ్యక్తిగత అప్పుకూ ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి, అందులో ఫీజులన్నీ కలిపిన ఏడాది ఖర్చు శాతం, బౌన్స్ ఛార్జీ, ఆలస్య రుసుము ఉండాలి, అదీ తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో. యాప్‌ల ద్వారా ఇచ్చే అప్పులకైతే అంతకుముందు నుంచే ఉన్న ఈ పత్రం ఉత్త లాంఛనం కాదు. 2023 నవంబరు 15న రిజర్వు బ్యాంకు బజాజ్ ఫైనాన్స్‌ను దాని రెండు పథకాల కింద, ఈకామ్, ఇన్‌స్టా ఈఎంఐ కార్డు, కొత్త అప్పులివ్వకుండా ఆపేసింది. కారణాల్లో ముఖ్యమైనది ఈ వివరాల పత్రం ఇవ్వకపోవడమే. లోపాలు సరిదిద్దుకున్నాక 2024 మే 2న ఆంక్ష ఎత్తేశారు. మన కుర్రాడికి కూడా పత్రం వచ్చింది. ఫోనులో లింకుగా, ఇంగ్లీషులో. తెరవలేదు. తెలుగులో కావాలని అడగొచ్చని తెలియదు. మన లెక్కలో ఆ పత్రం మీద ఏడాదికి 9 శాతానికి కాస్త తక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే అది 590 ఫీజును లెక్కేస్తుంది గానీ, పోగొట్టుకున్న 900 తగ్గింపును లెక్కెయ్యదు. అయినా సున్నా కాదని మాత్రం అక్కడే తెలిసిపోతుంది.

ఇంకో సంగతి, 2025 జనవరి నుంచి అప్పులిచ్చినవాళ్లు కనీసం పదిహేను రోజులకొకసారి వివరాలు పంపాలి. అంతకుముందు నెలకొకసారి. అంటే 5వ తారీకుది నెలాఖరులోపు ఎట్టాగో కట్టేస్తే ఎవరికీ తెలియదు అనే పాత ధీమా పనికిరాదు. 15నాటి లెక్కలోనే పది రోజుల ఆలస్యం కనిపిస్తుంది. దీనికి మంచి వైపు కూడా ఉంది, బాకీ తీర్చినా అంతే త్వరగా కనిపించాలి.

కొత్తగా కంతుల మీద కొనబోయే మెట్ట రైతు ఇంటి పిల్లలకు ఇక్కడ నాదొక సలహా, బ్యాంకు సలహా కాదు, నా సొంతం. పొగాకో మిరపో అమ్మిన డబ్బు చేతిలో ఉన్నప్పుడు కంతుల ఖాతాలో మూడు నాలుగు నెలలకు సరిపడా ముందే వేసి కదలకుండా ఉంచండి. ఏటీఎం కార్డు ఇంట్లో దాచిపెట్టి, ఉపాధి హామీ డబ్బు, గ్యాస్ సబ్సిడీ పడే రోజువారీ ఖాతా వేరుగా పెట్టుకోండి. కంతు తారీకు ముందు రోజు రాత్రికే డబ్బుండాలి, డెబిట్ పొద్దున్నే వస్తుంది. తారీకు మార్చమని అడిగితే కొన్ని సంస్థలు మారుస్తాయి, అడగండి. ఒక కంతు తిరిగిపోతే 1,500 కట్టి ఊరుకోవద్దు. యాప్‌లో ఛార్జీలు ఎక్కడ చూపిస్తున్నారో వెతికి అవి కూడా కట్టి, మొత్తం బాకీ సున్నా అని తెర మీద చూడండి. చివరి కంతు అయ్యాక బాకీ లేదనే పత్రం, ఎన్‌ఓసీ, తెప్పించుకోండి. ఆ పత్రం అడిగి ఉంటే మన కుర్రాడికి ఆగస్టులోనే 450 సంగతి తెలిసేది. ఆ రోజుకు ఒక్క మచ్చతో పోయేది.

ఒక పని మాత్రం చేయొద్దని బతిమాలతాను. బావమరిది సిబిల్ బాగలేదని మన పాన్ మీద వాడికి ఫోను తీయించడం. ఆత్మకూరులో, వింజమూరులో, ఎక్కడ చూసినా ఇది కనిపిస్తుంది. ఫోను వాడిది, గళ్లు మనవి. పొదుపు సంఘంలో ఇరవై ఏళ్లుగా ఒక్క వాయిదా తప్పని తల్లి పాన్ మీద కొడుకు ఫోను తీసుకుంటాడు. తప్పిన కంతు ఆ తల్లి పేరున పడుతుంది. తర్వాత ఆమె సొంతంగా కుట్టుమిషన్లకో కిరాణాకో అప్పడిగిన రోజున గానీ ఇంట్లో ఎవరికీ తెలియదు. అలాగే కొట్లో ఒక ఫైనాన్స్‌లో రాకపోతే ఇంకోదాంట్లో, అక్కడా రాకపోతే మూడోదాంట్లో మన నంబరు వేసి చూస్తుంటారు. ప్రతిసారీ రిపోర్టులో ఒక విచారణ నమోదవుతుంది, అప్పు వచ్చినా రాకున్నా. ఒకే రోజు మూడు నాలుగు చోట్ల అడిగిన మనిషి డబ్బుకు ఎంత ఇబ్బందిలో ఉన్నాడో అనుకుంటుంది చూసే కంప్యూటరు. ఒకటి రెండు చోట్ల రాకపోతే పెట్టె అక్కడే వదిలేసి రండి.

ఇక మన కుర్రాడి దగ్గరికి వద్దాం. ఏం చేశామో చెప్తాను.

ముందు ఆ నాలుగు సంస్థల రిపోర్టులు తీశాం. ఏడాదికొకసారి ఒక్కో సంస్థ నుంచి పూర్తి రిపోర్టు ఉచితం. cibil.com లాంటి వాటిలో పాన్ నంబరు, ఓటీపీతో వస్తుంది. డబ్బు కట్టమనే పేజీలు ఎదురైతే దాటుకుంటూ పోవాలి, అక్కడ కాస్త ఓపిక కావాలి. అప్పుల జాబితాలో ఫోను కొట్టు పేరు ఉండదు, యాప్ పేరు కూడా ఉండకపోవచ్చు. వెనకున్న ఫైనాన్స్ సంస్థ పేరుంటుంది. చాలామంది "ఇదెవరో నాకు తెలియదు" అని కంగారుపడేది ఇక్కడే. తేదీ, మొత్తం చూసి గుర్తుపట్టాలి.

రెండోది, ఫైనాన్స్ సంస్థకు ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఒక మంచి బేరం చెప్పింది: "సెటిల్‌మెంట్ చేసుకుంటే 200 కట్టండి చాలు." కుర్రాడి ముఖం వెలిగింది. నేను వద్దన్నాను. తక్కువ కట్టించుకుని వదిలేస్తే రిపోర్టులో ఆ ఖాతా మూసినట్టు కాకుండా సెటిల్ చేసినట్టు రాస్తారు. అంటే ఇచ్చినవాడు కొంత వదులుకున్నాడని ముద్ర. 250 రూపాయలు మిగుల్చుకోవడానికి ఆ ముద్ర ఏళ్ల తరబడి మొయ్యాలి. పూర్తి బాకీ, దాని మీద రాసిన ఆలస్య రుసుముతో సహా కట్టించాను. ఆలస్య రుసుమును అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదని 2023 ఆగస్టు ఉత్తర్వు ఉంది కాబట్టి, లెక్క పట్టిక కూడా అడిగి తీసుకున్నాం. ఎన్‌ఓసీ ఈమెయిల్‌కు వచ్చింది. కొత్త ఫోన్ నంబరు సంస్థ దగ్గర, బ్యాంకు దగ్గర, రిపోర్టుల సంస్థల దగ్గర మార్పించాం.

మూడోది, ఖాతా మూసినట్టు రిపోర్టులో మారకపోతే ఫిర్యాదు. మాకు ఒక సంస్థలో మారింది, ఇంకోదాంట్లో మారలేదు. ఆ సంస్థ సైటులోనే అభ్యంతరం పెట్టాం. 30 రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున ఫిర్యాదు పెట్టినవాడికి పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ 26 నుంచి నిబంధన అమల్లో ఉంది. ఆ మాట ఫిర్యాదులో రాశాం, మూడో వారంలో సరిచేశారు. అక్కడా పని కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, cms.rbi.org.inలో పెట్టొచ్చు, 14448కి ఫోన్ చేసి అడగొచ్చు. ఖర్చు లేదు.

కుర్రాడు అడిగిన ఆఖరి ప్రశ్నకు మాత్రం వాడికి నచ్చే జవాబు నా దగ్గర లేకపోయింది. "అయితే ఆ 117, 179 తీసేస్తారా సార్?" తీయరు. తప్పుగా పడింది తీయించొచ్చు. నిజంగా బాకీ ఉన్న రోజుల్ని తీయించలేం. 450 అయినా అది బాకీయే, పత్రంలో ఉంది. ఖాతా మూసినా ఆ వరుస రిపోర్టులో ఏళ్లపాటు ఉంటుంది. కొత్త అప్పులు సక్రమంగా నడిచే కొద్దీ, పాతబడే కొద్దీ దాని బరువు తగ్గుతుంది, అంతే. 5 వేలిస్తే సిబిల్ శుభ్రం చేస్తామని ఫోన్లు చేసే ఏజెంట్లు చేయగలిగేది మనం ఉచితంగా పెట్టిన ఆ అభ్యంతరమే, అంతకు మించి ఏమీ లేదు. వాళ్లకు ఓటీపీలు చెప్తే ఇంకో అప్పు మన పేర పుట్టినా ఆశ్చర్యం లేదు.

బ్యాంకు మేనేజరు ఎన్‌ఓసీ చూశాడు, 450 కథంతా విన్నాడు. రిపోర్టులన్నిటిలోనూ మూసినట్టు వచ్చాక, పొగాకు వేలాలు అయ్యాక మళ్లీ దరఖాస్తు పెట్టమన్నాడు. ఒక గేదెతో మొదలుపెట్టు, అది సరిగ్గా నడిస్తే రెండోది చూద్దాం అన్నాడు.

ఆ మధ్య ఆత్మకూరు బస్టాండులో కనిపించాడు కుర్రాడు. నాన్న బేళ్లు డి.సి.పల్లిలో పోతున్నాయట, ధర పర్వాలేదట. ఆ ఫోను అద్దం అడ్డంగా పగిలి ఉంది, రబ్బరు బ్యాండు వేసి కట్టాడు. కొత్తది చూడ్డానికి వచ్చాడట. కొట్లో కంతుల కుర్రాడు ఆధార్ అడిగితే ఇవ్వకుండా, డబ్బిస్తే ఎంత తగ్గిస్తారని అడిగాడట. 700 తగ్గిస్తామన్నారు, వీడు 900 అన్నాడు. బేరం ఇంకా తెగలేదు, బస్సొచ్చిందని వచ్చేశాడు.